సోషల్‌లో వెనకబడిన విద్యార్థి ఇంటికి ట్యూషన్ టీచర్ ఉత్తరం: వారపు ప్రణాళికతో సహా ఎలా రాయాలి

సోషల్ మార్కులు తగ్గాయని చెబితే చాలామంది తల్లిదండ్రులు ఒకే మాట అంటారు: "సోషలే కదా సార్, కూర్చుని బట్టీ పడితే అదే వస్తుంది." ఉత్తరం ముందు జవాబు చెప్పాల్సింది ఈ మాటకే. లేకపోతే మీరు ఎంత మంచి ప్రణాళిక పంపినా ఇంట్లో జరిగేది వేరే. అమ్మాయిని రోజూ రాత్రి రెండు గంటలు గైడు ముందు కూర్చోబెడతారు, మీ ప్రణాళిక ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంటుంది. బట్టీతో పోయే లోపం ఏది, పోని లోపం ఏది అన్నది వాళ్లకు కళ్లకు కట్టినట్టు కనిపించాలి. దానికి కావాల్సిన సాక్ష్యం జవాబు పత్రంలోనే ఉంటుంది.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది తెలంగాణ రాష్ట్ర సిలబస్‌లో పదో తరగతి చదివే ఒక అమ్మాయి. ఎస్ఏ-1 అయిపోయింది, నవంబరు మొదలైంది. రాత పరీక్షలో 80కి 26 వచ్చాయి. పాస్ కావడానికి రాత పరీక్షలో 28 కావాలి. మీ విద్యార్థిది వేరే తరగతైనా, వేరే బోర్డైనా పాఠాల పేర్లు మార్చుకుంటే సరిపోతుంది. పాస్ మార్కులు, ఇంటర్నల్స్ లెక్క మాత్రం ఆ ఏడాదికి ఏది అమల్లో ఉందో బడిలో కనుక్కునే రాయండి. వాటి మీద ఉత్తర్వులు మారుతుంటాయి. ఉత్తరంలో ఒక్క అంకె తప్పు పడితే మిగతాదంతా అనుమానంగా చదువుతారు.

మొదటి మెట్టు: జవాబు పత్రం చదవడం

ప్రోగ్రెస్ కార్డు చూసి ఉత్తరం రాయకండి. జవాబు పత్రాన్నీ ప్రశ్నపత్రాన్నీ పక్కపక్కన పెట్టుకోండి. బడి వాళ్లు పేపరు ఇంటికి ఇవ్వకపోతే, అదే ప్రశ్నపత్రంలోంచి ఏడెనిమిది ప్రశ్నలు తీసి ట్యూషన్‌లో మళ్లీ రాయించండి. మార్కు పోయిన ప్రతి ప్రశ్న పక్కన పెన్సిలుతో ఒక అక్షరం వేయండి. విషయం తెలియక పోతే 'తె', ప్రశ్న ఏం అడిగిందో పట్టుకోలేక పోతే 'ప్ర', తెలిసినా రాయలేకపోతే 'రా', అసలు ముట్టుకోకపోతే 'ఖా'. పావుగంట పని.

మన అమ్మాయి పేపరు ఇలా ఉంది. బిట్ పేపర్లో 20కి 11. చిన్న ప్రశ్నల్లో 8. పెద్ద ప్రశ్నలు రెండే రాసింది, వాటికి 6. పట్టిక ఇచ్చి అడిగిన ప్రశ్నకు 1. మ్యాప్ ఖాళీ.

బట్టీ పట్టని పిల్లకు బిట్లలో 11 రావడం కష్టం. అంటే ఈమె చదువుతోంది. ఇప్పుడు పెద్ద ప్రశ్న ఒకటి చూద్దాం: "హిమాలయాలు లేకపోతే భారతదేశ శీతోష్ణస్థితి ఎలా ఉండేది?" ఆమె ముప్పావు పేజీ రాసింది. హిమాద్రి, నిమ్న హిమాలయాలు, శివాలిక్ అని మూడు శ్రేణుల పేర్లు, ఏది ఎత్తయినది, ఏది తక్కువ ఎత్తులో ఉంది, అన్నీ ఉన్నాయి, దాదాపు అన్నీ సరైనవే. కానీ ప్రశ్న శ్రేణుల గురించి కాదు. మధ్య ఆసియా నుంచి వచ్చే చలిగాలులను హిమాలయాలు ఆపుతాయనీ, ఋతుపవన గాలులు వాటికి తగలడం వల్లే ఉత్తర మైదానాల్లో వాన కురుస్తుందనీ ఒక్క ముక్క లేదు. 'హిమాలయాలు' అన్న మాట కనపడగానే తనకు వచ్చిన హిమాలయాలన్నీ దించేసింది. ఇది 'తె' కాదు, 'ప్ర'.

పట్టిక ప్రశ్న ఇంకా స్పష్టం. 1951 నుంచి 2011 వరకు జనాభా లెక్కల లింగ నిష్పత్తి ఇచ్చి విశ్లేషించమన్నారు. ఆడపిల్లల పట్ల వివక్ష గురించి ఎనిమిది వాక్యాలు రాసింది. మంచి వాక్యాలే. వాటిలో ఒక్క అంకె లేదు. పట్టిక మీద చూపు పడినట్టు కూడా అనిపించదు.

మ్యాప్ ఎందుకు వదిలేసిందో పేపరు చెప్పదు కాబట్టి ట్యూషన్‌లో ఖాళీ మ్యాప్ ఇచ్చి ఐదు స్థలాలు అడగాలి. హిమాలయాలు, థార్ ఎడారి సరిగ్గానే పెట్టింది. ఛోటానాగపూర్ పీఠభూమి కర్ణాటకలో పెట్టింది, నీలగిరులు ఒడిశా దగ్గర. మ్యాప్ పైభాగం తెలుసు, మధ్యా కిందా పట్టు దొరకడం లేదు.

ఉత్తరం మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష మిగిలింది. చాలామంది దీన్ని వదిలేస్తారు, నా లెక్కలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఇంతవరకు చదవని పేజీ ఒకటి పాఠ్యపుస్తకంలోంచి తీసి, ఒక పేరా పైకి చదివించండి. పుస్తకం మూసి "ఇప్పుడు ఏం చదివావో చెప్పు" అనండి. చదవడంలోనే తడబడితే లోపం సోషల్‌ది కాదు, చదవడానిది. ఈ ఉత్తరం అప్పుడు పనికిరాదు, రోజూ ఇరవై నిమిషాల చదువు కావాలని వేరే ఉత్తరం రాయాలి. ఇంగ్లిష్ మీడియం పిల్లలైతే ఇదే పరీక్ష రెండు భాషల్లో చేయండి. తెలుగులో గడగడా చెప్పి ఇంగ్లిష్ పేరా దగ్గర ఆగిపోతే అది మరో సంగతి. మన అమ్మాయి తెలుగు మీడియం, చక్కగా చదివింది, చక్కగానే చెప్పింది.

రెండో మెట్టు: రెండు లోపాలే ఎంచుకోవడం

పేపర్లో ఆరు లోపాలు కనిపిస్తాయి. చేతిరాత, టైము చాలకపోవడం, చరిత్రలో సంవత్సరాల తారుమారు, ఇంకా ఏవో. అన్నీ రాస్తే ఉత్తరం ఫిర్యాదు పత్రం అవుతుంది, ఇంట్లో ఆ రాత్రి పిల్లకు తిట్లు తప్పవు. నాలుగు వారాల్లో మార్పు కనిపించే అవకాశం ఉన్న రెండింటిని తీసుకోండి. ఇక్కడ అవి మ్యాప్, పట్టిక. ప్రశ్నను పట్టుకోవడం కూడా నేర్పాలి కానీ దానికి వేరే శీర్షిక పెట్టక్కర్లేదు, పట్టిక పనిలోనే చాలావరకు కలిసిపోతుంది.

ఈ రెంటినీ ఎంచుకోవడానికి ఇంకో కారణముంది. భౌగోళిక స్వరూపాలు, శీతోష్ణస్థితి, నదులు–నీటి వనరులు, ప్రజలు అనే నాలుగు పాఠాలూ ఒకే భారతదేశ పటం మీద నడుస్తాయి. మొదటి వారం పటం మీద గీసిన గీతలు నాలుగో వారం దాకా పనికొస్తాయి. చరిత్ర పాఠాలతో మొదలుపెడితే ఈ సౌకర్యం ఉండదు.

మూడో మెట్టు: ప్రణాళికలో ఏం చేయించబోతున్నారో మీకు తెలియాలి

"మ్యాప్ ప్రాక్టీస్ చేయిస్తాను" అని రాస్తే తండ్రికి ఏమీ అర్థం కాదు, నిజానికి మీకూ ఏమీ తేలినట్టు కాదు. పద్ధతి ముందు కాగితం మీద పెట్టుకోండి.

మ్యాప్‌కు రెండు గీతలు. మొదటిది కర్కట రేఖ, 23½° ఉత్తర అక్షాంశం, గుజరాత్ నుంచి మిజోరం దాకా అడ్డంగా. రెండోది మన ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½° తూర్పు రేఖాంశం, ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ మీదుగా, కింద కాకినాడ దగ్గరగా నిలువుగా. ఖాళీ మ్యాప్ ఇవ్వగానే పిల్ల ముందు ఈ రెండూ పెన్సిలుతో గీయాలి. మ్యాప్ నాలుగు గదులవుతుంది. ఆ తర్వాత ప్రతి స్థలాన్నీ ముందు గదితో చెప్పించాలి, ఆ తర్వాతే చుక్క పెట్టించాలి. థార్ ఎడారి పై ఎడమ. ఛోటానాగపూర్ అడ్డగీత మీదే, నిలువు గీతకు కుడివైపు. నీలగిరులు కింద ఎడమ. మహానది డెల్టా కింద కుడి. కోరమండల్ తీరం దగ్గర దాదాపు అందరూ బోల్తా పడతారు. తూర్పు తీరం కదా అని కుడి గదిలో వెతుకుతారు, అది నిలువు గీతకు ఎడమవైపే ఉంటుంది. ఈ ఒక్కటి దొరికిన రోజు పిల్ల గదుల పద్ధతిని నమ్ముతుంది.

పట్టికకు నాలుగు వాక్యాలు, ఇదే వరసలో. పట్టిక దేని గురించి, ఏ సంవత్సరాలది. ఎక్కువ ఎక్కడ, తక్కువ ఎక్కడ. మొదటి నుంచి చివరికి ఏమైంది. కారణం ఏమిటి. లింగ నిష్పత్తి పట్టికతో చేస్తే ఇలా వస్తుంది: "ఈ పట్టిక 1951 నుంచి 2011 వరకు దేశంలో ప్రతి 1000 మంది పురుషులకు ఎంతమంది స్త్రీలున్నారో చెబుతుంది. అన్నిటికన్నా ఎక్కువ 1951లో 946, తక్కువ 1991లో 927. 1991 తర్వాత పెరుగుతూ 2011కి 943కి చేరినా 1951 స్థాయిని అందుకోలేదు." ఇక్కడిదాకా వచ్చాక, ఆమె పరీక్షలో రాసిన ఆ ఎనిమిది వాక్యాల్లోంచి రెండు తెచ్చి నాలుగో వాక్యం దగ్గర పెట్టించండి. పిల్ల రాసింది వృథా కాదు, చోటు తప్పింది, అంతే. ఈ సంగతి ఆమెకు చెప్పండి.

నాలుగో మెట్టు: వారం పంచడం

పదో తరగతిలో సోషల్ ఒక్కటే ఉండదు. గణితం, భౌతికశాస్త్రం నుంచి టైము లాక్కునే ప్రణాళికను ఇంట్లో వాళ్లు రెండో వారంలోనే పక్కన పెడతారు, వాళ్లది తప్పు కూడా కాదు. ట్యూషన్ టైములోంచే వారానికి రెండున్నర గంటలు, ఇంటి దగ్గర ఆదివారం పావుగంట. ఇంతకు మించి అడగకండి.

ఇంటి పని విషయంలో ఒక నియమం పెట్టుకోండి: సోషల్ తెలియని మనిషి కూడా సరిచూడగలగాలి. మ్యాప్ అయితే మీరు జవాబుల మ్యాప్ ఒకటి మడిచి పంపుతారు, అమ్మ పక్కన పెట్టి పోల్చి చూస్తుంది. పట్టిక అయితే పిల్ల పైకి చెబుతుంటే నాన్న అందులో ఎన్ని అంకెలు వచ్చాయో వేళ్ల మీద లెక్కపెడతాడు. "అర్థం చేసుకుని చదివిందో లేదో చూడండి" అని రాస్తే ఎవరూ చూడలేరు.

ఐదో మెట్టు: ఉత్తరం

ఒక పేజీ దాటకూడదు. మొదట పిల్లకు వచ్చింది, తర్వాత రానిది, తర్వాత ప్రణాళిక, చివర వాళ్లు చేయాల్సింది, డబ్బు సంగతి. డబ్బు మాట రాయకపోతే చదివేవాళ్ల మనసులో అదే తిరుగుతుంటుంది, అదనపు ఫీజు ఉన్నా లేకున్నా రాసేయండి. పూర్తి నమూనా ఇదిగో:

---

తేదీ: ………

గౌరవనీయులైన ……… గారికి,

నమస్కారం. మీ అమ్మాయి ఎస్ఏ-1 సోషల్ పేపరు పూర్తిగా చూశాను. రాత పరీక్షలో 80కి 26 వచ్చాయి. పాస్ కావడానికి ఇందులో 28 రావాలి. పేపర్లో ఏం కనిపించిందో మీకు చెప్పాలని ఈ ఉత్తరం.

బిట్లలో 20కి 11 తెచ్చుకుంది. చదవకుండా అన్ని రావు. పాఠం చదివి సొంత మాటల్లో బాగా చెబుతోంది, నేను చదివించి చూశాను. మార్కులు ముఖ్యంగా రెండు చోట్ల పోతున్నాయి. మ్యాప్ ప్రశ్న పూర్తిగా వదిలేసింది. పట్టిక ఇచ్చి అడిగిన ప్రశ్నకు పట్టికలోని అంకెలు వాడకుండా జవాబు రాసింది. ఈ రెండూ గైడు బట్టీ పడితే వచ్చేవి కావు, చేతితో చేసి నేర్చుకోవాల్సినవి. అందుకని ఇంటి దగ్గర సోషల్ చదివే టైము పెంచమని నేను అడగడం లేదు.

వచ్చే నాలుగు వారాలు ట్యూషన్ టైములోనే ఇలా చేయిద్దామనుకుంటున్నాను:

సోమవారం, 30 నిమిషాలు: ఖాళీ మ్యాప్‌లో ఆ వారం పాఠానికి సంబంధించిన ఐదు స్థలాలు.
బుధవారం, 40 నిమిషాలు: పాఠంలోని ఒక పట్టిక లేదా గ్రాఫ్ చదివి నాలుగు వాక్యాల్లో రాయడం.
శుక్రవారం, 40 నిమిషాలు: ఒక పెద్ద ప్రశ్న. ముందు ప్రశ్న ఏం అడిగిందో చెప్పి, తర్వాత రాయడం.
శనివారం, 40 నిమిషాలు: 20 మార్కుల చిన్న పరీక్ష. మ్యాప్ 5, పట్టిక 5, పెద్ద ప్రశ్న 6, బిట్లు 4. పేపరు అదే రోజు దిద్ది ఇంటికి పంపుతాను.

మొదటి వారం భౌగోళిక స్వరూపాలు, రెండో వారం శీతోష్ణస్థితి, మూడో వారం నదులు, నాలుగో వారం ప్రజలు అనే పాఠం. చరిత్ర పాఠాలు దీని తర్వాత చూద్దాం.

మీ నుంచి కావాల్సింది ఆదివారం పావుగంట. శనివారం పేపరుతో పాటు ఒక ఖాళీ మ్యాప్, మడిచిన జవాబుల మ్యాప్ పంపుతాను. అమ్మాయి ఐదు స్థలాలు గుర్తించాక జవాబుల మ్యాప్ తెరిచి పోల్చి చూడండి. తర్వాత ఒక పట్టిక గురించి రెండు నిమిషాలు చెబుతుంది. అందులో కనీసం రెండు అంకెలు వినిపించాయో లేదో చూడండి చాలు. తప్పు పోతే మీరు సరిదిద్దనక్కర్లేదు, మ్యాప్ మీద టిక్కు పెట్టి పంపితే సోమవారం నేను చూసుకుంటాను.

నాలుగో శనివారానికి మ్యాప్‌లో ఐదింటికి మూడు సరిగ్గా పెట్టడం, పట్టిక జవాబులో అంకెలు వాడటం అలవాటు కావాలని నా ఉద్దేశం. అప్పటికి అలా కాకపోతే మిమ్మల్ని కలిసి పద్ధతి మారుస్తాను. దీనికి అదనంగా ఫీజు ఏమీ లేదు.

ఈ ఉత్తరం మీ అమ్మాయికి చదివి వినిపించాకే పంపుతున్నాను. వీలైన రోజు సాయంత్రం ఎనిమిది తర్వాత ఫోన్ చేయండి.

ఇట్లు,
………

---

ఇందులో కొన్ని సంగతులు కావాలనే వదిలేశాను. క్లాసులో మిగతా పిల్లల మార్కులు లేవు, అక్క ఇదే బడిలో ఎంత తెచ్చుకుందో లేదు. "పబ్లిక్ పరీక్షలో 60 గ్యారంటీ" లాంటి మాట లేదు. నాలుగు వారాల్లో మీ చేతిలో ఉన్నది మ్యాప్, పట్టిక మాత్రమే, మాట ఇస్తే వాటి మీదే ఇవ్వాలి. ఫోన్ చూడటం తగ్గించమని కూడా రాయలేదు. ఆ వాక్యం ఒకటి పడిందంటే ఇంట్లో గొడవ దాని మీదికే పోతుంది, మ్యాప్ సంగతి ఎవరికీ గుర్తుండదు.

పిల్లకు ముందే చదివి వినిపించడం మర్యాద కోసం మాత్రమే కాదు. "బిట్లలో 11 తెచ్చుకుంది" అన్న వాక్యం దగ్గర ఆమె ముఖం చూడండి. "ఆ బిట్లు పక్కదాన్ని చూసి పెట్టాను సార్" అని ఒప్పుకునే పిల్లలుంటారు. అప్పుడు ఉత్తరం మళ్లీ రాయాల్సిందే, ఎందుకంటే మీ నిర్ధారణ అంతా ఆ 11 మీద నిలబడింది.

చదువు అంతగా రాని తల్లిదండ్రులైతే ఇదే ఉత్తరాన్ని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపండి. రెండు నిమిషాలు మించకుండా, పేజీ చూసి చదివినట్టు కాకుండా మామూలుగా మాట్లాడండి. ప్రణాళిక కాగితం మాత్రం వేరే పంపాలి, వారాల పేర్లు, నిమిషాలు పెద్ద అక్షరాల్లో. పిల్ల ఇంగ్లిష్ మీడియం అయినా ఇంటికి పంపే ఉత్తరం ఇంట్లో వాళ్లు చదివే భాషలోనే ఉండాలి.

పంపాక ఏం జరుగుతుంది

మొదటి ఆదివారం మ్యాప్ వెనక్కి రాకపోవచ్చు. అది నిర్లక్ష్యం అనుకోకండి. రాత్రి డ్యూటీ ఉండవచ్చు, ఊరెళ్లి ఉండవచ్చు. ఆదివారం బదులు ఏ రోజు కుదురుతుందో ఒక ఫోన్‌తో తేల్చుకోండి. రెండో వారం కూడా రాకపోతే ఆ పావుగంట పెదనాన్నకో, ఇంటర్ చదివే అన్నకో అప్పగించమని అడగండి.

మ్యాప్ అయిదుకు అయిదు సరిగ్గా వచ్చి, శనివారం పరీక్షలో అవే స్థలాలు తప్పుతున్నాయంటే ఇంట్లో సాయం అందుతోందని అర్థం. ఎవరినీ నిలదీయక్కర్లేదు. తర్వాతి వారం నుంచి ఇంటికి పంపే ఐదు స్థలాలూ, శనివారం అడిగే ఐదూ వేర్వేరుగా పెట్టండి. రాష్ట్రాల సరిహద్దులున్న మ్యాప్‌లో సరిగ్గా పెట్టి, ఉత్త రూపురేఖల మ్యాప్‌లో తప్పితే మాత్రం పిల్ల స్థలాన్ని కాదు, బొమ్మను గుర్తుపెట్టుకుంది. రెండు గీతల దగ్గరికి తిరిగి వెళ్లండి.

పట్టికలో ఇంకో రకం తప్పు మూడో వారంలో మొదలవుతుంది. అంకెలు వాడమన్నారు కదా అని ఉన్న అంకెలన్నీ వరసగా ఎక్కించేస్తుంది: 1951లో 946, 1961లో 941, 1971లో 930… ఇది విశ్లేషణ కాదు, పట్టికను అడ్డంగా తిరగరాయడం. "మూడు అంకెలే వాడాలి, ఏ మూడో నువ్వే ఎంచుకో" అని హద్దు పెడితే ఎక్కువ, తక్కువ, చివరిది అన్నవి తనే వెతుక్కుంటుంది.

నాలుగో శనివారం తర్వాత పంపేది ఉత్తరం కాదు, చీటీ. ఉదాహరణకు ఇలా: "మ్యాప్: మొదటి వారం 5కి 1, నాలుగో వారం 5కి 4. పట్టిక: 5కి 1 నుంచి 3. పెద్ద ప్రశ్న: 6కి 2, ఇంకా 2 దగ్గరే ఉంది. డిసెంబరులో శుక్రవారం పని రెండు రోజులకు పెంచుతాను, మ్యాప్ వారానికి ఒక్కసారి పది నిమిషాలకు తగ్గిస్తాను. ఆదివారం పావుగంట అలాగే ఉంచండి." మెరుగుపడని వరసను కూడా దాచకుండా రాయాలి. దాని కోసమే డిసెంబరులో మీకు వాళ్ల సాయం కావాలి.